గంటకి 137 అనుకుంటున్నావ్, చేతికి వచ్చేది అందులో సగం కూడా లేదు

ప్రశ్న: అన్నా నమస్తే. ఏడాది నుంచి బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నా. వారానికి ఆరు రోజులు, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 దాకా, మధ్యలో 6 నుంచి 7 ఆపేస్తా. వారానికి వంద ఆర్డర్లు, 1,200 ఇన్సెంటివ్‌తో కలిపి 7,200 పడుతున్నాయి, పెట్రోల్‌కి 2,000 పోతుంది. యాప్‌లో యాక్టివ్ టైమ్ 38 గంటలు చూపిస్తోంది, అంటే గంటకి 137 మిగిలినట్టే కదా. బండి 90,000 పెట్టి కొన్నా, ఈఎంఐ లేదు కాబట్టి బండి ఖర్చు ఏమీ లేదు, సర్వీసింగ్ ఎప్పుడో ఒకసారి. పోయిన వారం ఓడోమీటర్ చూస్తే 800 తిరిగింది, యాప్ మాత్రం 500 కిలోమీటర్లకే లెక్క కట్టింది. మా బావ గోడౌన్‌లో పని ఉంది రమ్మంటున్నాడు, రోజుకి 8 గంటలు, ఆదివారం సెలవు, నెలకి 16,000. గంటకి 77 అవుతుంది, నా దాంట్లో సగం. మరి నెలాఖరుకి నా దగ్గర ఏమీ ఎందుకు మిగలట్లేదు? వెళ్ళాలా వద్దా?

సమాధానం:

తమ్ముడూ, నువ్వు చేసిన భాగహారం కరెక్టే, భాగించిన అంకెలే తప్పు, పైదీ తప్పే కిందదీ తప్పే. పైన పెట్రోల్ ఒక్కటే తీసేశావ్, కింద యాప్ చూపించిన గంటలే వేశావ్. యాప్ ఏ గంటలకి లెక్క కడుతుందో, ఏ కిలోమీటర్లకి డబ్బులిస్తుందో, అవి రెండూ దాని అవసరానికి పెట్టుకున్నవి. నీ లెక్కకి కావాల్సింది ఇంటి తాళం వేసినప్పటి నుంచి తిరిగి తాళం తీసేదాకా ఎన్ని గంటలు, ఆ మధ్యలో చక్రం ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. ఈ రెండూ పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది.

ముందు కిలోమీటర్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే నెలాఖరుకి డబ్బులు ఎక్కడ పోతున్నాయి అన్నదానికి సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది.

800 తిరిగితే 500కే డబ్బులొచ్చాయన్నావ్ చూడు, ఆ మిగతా 300 ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించావా. ఇంటి నుంచి ఏరియాకి వెళ్ళడం, డ్రాప్ అయ్యాక ఆర్డర్లు పడే చోటికి వెనక్కి రావడం, మ్యాప్‌లో ఎర్రగా కనిపించిన చోటికి పోయి చూడటం, యూటర్న్‌లు, తప్పు గేట్లు. ఖాళీగా తిరిగినా పెట్రోల్ అంతే తాగుతుంది, టైర్ అంతే అరుగుతుంది. అందుకే ఖర్చులన్నీ ఓడోమీటర్ మీదే వెయ్యాలి, యాప్ చూపించే దూరం మీద కాదు. నీ సొంత పనులకి ఇదే బండి వాడితే ఆ కిలోమీటర్లు తీసెయ్, అది వేరే ఖాతా.

పెట్రోల్ విషయంలో నువ్వు చెప్పిన 2,000 సరిపోతోంది. లీటర్ 100 అనుకుంటే 20 లీటర్లు, 800 కిలోమీటర్లు, అంటే లీటర్‌కి 40, కిలోమీటర్‌కి 2.50. కానీ చాలామంది ఇక్కడ కంపెనీ చెప్పిన మైలేజ్ వేసేస్తారు. ఒక వేగంతో సాఫీగా పోయే బండి వేరు, నిమిషానికోసారి ఆగి, వెనక బ్యాగు వేసుకుని, ఫస్ట్ గేర్‌లో సందుల్లో తిరిగే బండి వేరు. అనుమానం ఉంటే ఫుల్ ట్యాంక్ పద్ధతి ఒక్కటే నమ్మకం: పంపులో ఆటోమేటిక్‌గా ఆగేదాకా నింపించి ఓడోమీటర్ రాసుకో, మూడు నాలుగు రోజులు తిరుగు, మళ్ళీ అదే పంపులో అలాగే నింపించు, రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించు. ఒక్కసారి చేస్తే అటూ ఇటూ అవుతుంది, మూడు సార్లు చేసి సగటు తీసుకో. ఉన్నట్టుండి మైలేజ్ పడిపోతే మాత్రం టైర్లో గాలి, చైన్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ పట్టేయడం చూపించుకో, లెక్క కన్నా ముందు అది.

ఇప్పుడు బండి ఖర్చు. ఎప్పుడో ఒకసారి అన్నావే, అదే మోసం. ఈ వారం సర్వీసింగ్ చేయించకపోతే ఈ వారం ఖర్చు సున్నా అనిపిస్తుంది, చేయించిన వారం గుండె గుభేల్మంటుంది, రెండూ నిజం కాదు. ఈ వారం తిరిగిన 800 కిలోమీటర్లలో ఆయిల్ కొంత చచ్చింది, టైర్ కొంత అరిగింది, బిల్లు మాత్రం తర్వాత వస్తుంది. కాబట్టి ప్రతి భాగానికీ దాని ధరని అది ఎన్ని కిలోమీటర్లు వస్తుందో దాంతో భాగించాలి. నేను ఉజ్జాయింపుగా వేస్తున్నా, నీ మెకానిక్ చెప్పిన రేట్లు పెట్టి నువ్వు మళ్ళీ వేసుకో. ఇంజిన్ ఆయిల్ 450 పెట్టి 3,000 కిలోమీటర్లకోసారి మారిస్తే కిలోమీటర్‌కి 15 పైసలు. జనరల్ సర్వీసింగ్, ఫిల్టర్లు, లేబర్ కలిపి 6,000 కిలోమీటర్లకి 1,200 అయితే ఇంకో 20 పైసలు. వెనక టైర్ 2,000 పెట్టి 20,000 కిలోమీటర్లు, ముందుది 1,500 పెట్టి 30,000 వస్తే రెండూ కలిపి 15 పైసలు. చైన్ స్ప్రాకెట్ సెట్ 2,000, అది కూడా 20,000 అనుకుంటే 10 పైసలు. బ్రేక్ షూలు 5 పైసలు. ఇక పంక్చర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు, బల్బులు, ఇవన్నీ విడివిడిగా వెయ్యడం దండగ, కలిపి 15 పైసలు పెట్టేద్దాం. మొత్తం 80 పైసలు.

ఇందులో టైర్ 2,000 అయినా 2,300 అయినా తేడా ఒకటిన్నర పైస, దాని గురించి తల బాదుకోకు. అసలు పెద్ద ముక్క ఇంకా రాలేదు.

అదే బండి విలువ. ఈఎంఐ లేదు కాబట్టి ఖర్చు లేదన్నావ్. ఖర్చు ఉంది తమ్ముడూ, ముందే కట్టేశావ్ అంతే. 90,000 పెట్టి కొన్న బండి వారానికి 800 చొప్పున తిరిగితే రెండేళ్ళు నిండకముందే 75,000 కిలోమీటర్లు దాటుతుంది. ఆ కిలోమీటర్లున్న డెలివరీ బండికి 30,000 వస్తే సంతోషించాలి. (నీ మోడల్‌కి ఎంత వస్తుందో తెలియాలంటే సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో అదే మోడల్, దాదాపు అవే కిలోమీటర్లు ఉన్నవి ఓ పది చూడు, అడిగే రేటు కన్నా అమ్ముడయ్యే రేటు ఎప్పుడూ తక్కువే ఉంటుంది అని గుర్తుపెట్టుకో.) అంటే 60,000 ఆ 75,000 కిలోమీటర్ల మీద కరిగిపోయింది, కిలోమీటర్‌కి ఇంకో 80 పైసలు. టైర్లు ఆయిలు చైన్ బ్రేకులు అన్నీ కలిపితే ఎంతో ఇదొక్కటే అంత. నువ్వు వారం వారం నీ బండిని కొంచెం కొంచెం అమ్ముకుని ఆ డబ్బుని కూడా సంపాదన ఖాతాలో వేసుకుంటున్నావ్, ఆ సంగతి బండి మార్చాల్సిన రోజున బయటపడుతుంది.

ఈఎంఐ ఉన్నవాళ్ళకి ఇక్కడే ఇంకో రకం పొరపాటు జరుగుతుంది, ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. వాళ్ళు ఈఎంఐ మొత్తం ఖర్చులో రాసి, మళ్ళీ బండి విలువ తగ్గడం కూడా రాస్తారు, ఒకే బండికి రెండుసార్లు కట్టినట్టు అవుతుంది. అసలు భాగం బండి విలువలోనే వచ్చేసింది కాబట్టి వడ్డీ ఒక్కటే విడిగా రాయాలి. నెలకి చేతిలో క్యాష్ సరిపోతుందా లేదా అన్న లెక్కకి పూర్తి ఈఎంఐ కావాలి, గంటకి ఎంత అన్న లెక్కకి వడ్డీ చాలు.

సరే, కూడదాం. పెట్రోల్ 2.50, మరమ్మతులు 0.80, బండి విలువ 0.80, మొత్తం కిలోమీటర్‌కి 4.10. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకో, ఇక్కడి నుంచి ప్రతి చోటా ఇదే వాడతాం. వారానికి 800 కిలోమీటర్లకి 3,280. దూరంతో సంబంధం లేనివి రెండు ఉన్నాయి, ఇన్సూరెన్స్ వారానికి ఓ 50, ఫోన్ రీచార్జ్ ఓ 70 అనుకుందాం, కలిపి 120. మొత్తం ఖర్చు 3,400. నీ 7,200లో నుంచి తీసేస్తే 3,800.

పెట్రోల్ ఒక్కటే తీసినప్పుడు 5,200 కనిపించింది, ఇప్పుడు 3,800. మధ్యలో ఉన్న 1,400ని నువ్వు ఖర్చుపెట్టేస్తున్నావ్, ఎందుకంటే అది నీ జేబులోనే ఉంది, నీది కాదని ఎవరూ చెప్పలేదు. తర్వాత టైర్లు, ఇన్సూరెన్స్, ఇంజిన్ పని ఒకే నెలలో వచ్చి పడతాయి. నెలాఖరు ప్రశ్నకి జవాబు ఇదే.

ఇప్పుడు గంటలు. ఇది కొంచెం వాదన ఉన్న విషయం, నీ ఒక్కడికే కాదు. డెలివరీ పని ఉన్న ప్రతిచోటా గొడవంతా ఈ భాగహారంలో కింద ఏ గంటలు పెట్టాలి అన్నదాని మీదే. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు 2020లో ఓటింగ్ పెట్టి ప్రపోజిషన్ 22 అని ఒక చట్టం తెచ్చుకున్నారు, అందులో కనీస వేతనానికి 120 శాతం గ్యారంటీ ఉంది, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అది ఆర్డర్ ఒప్పుకున్నప్పటి నుంచి డ్రాప్ అయ్యేదాకా ఉన్న టైమ్‌కే, ఆర్డర్ కోసం రోడ్డు మీద నిలబడ్డ టైమ్‌కి కాదు. న్యూయార్క్ సిటీలో 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతి వేరు, గంటకి 17.96 డాలర్లతో మొదలుపెట్టారు, ఆ రేటు కట్టేటప్పుడు ఎదురుచూసే టైమ్‌ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అదే పని, లెక్కపెట్టే గంటలే వేరు. నీ యాప్‌లో యాక్టివ్ టైమ్ అంటే మొదటి రకం, చాలా యాప్‌లలో అంతే, కావాలంటే ఒక రోజు ఆర్డర్ హిస్టరీలో టైమ్‌లన్నీ కూడి చూసుకో.

నీ టైమింగ్స్ ప్రకారం రోజుకి 9 గంటలు ఆన్‌లైన్, వారానికి 54. అందులో 38 ఆర్డర్ మీద, 16 ఖాళీగా ఎదురుచూడటం. దానికి తోడు ఇంటి నుంచి వెళ్ళిరావడం, పెట్రోల్ బంకు, మెకానిక్ దగ్గర కూర్చోవడం, పేమెంట్ తేడా వస్తే సపోర్ట్‌తో చాట్, ఇవన్నీ రోజుకి ఒక గంట వేస్తున్నా, వారానికి 6. మొత్తం 60. సాయంత్రం 6 నుంచి 7 నువ్వే ఆపేస్తున్నావ్ కాబట్టి వదిలేశా, ఆ గంట ఇంటికి వెళ్ళకుండా అక్కడే రోడ్డు పక్కన కూర్చుంటే మాత్రం నిజాయితీగా అది కూడా కలుపుకోవాలి.

3,800ని 60తో భాగిస్తే గంటకి 63.

137 ఎక్కడ, 63 ఎక్కడ. నమ్మబుద్ధి కాదు, తెలుసు, అందుకే ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అంతా విప్పి చెప్పా. ఏది మార్చినా మార్చు, మళ్ళీ 100 దాటాలంటే మాత్రం ఎదురుచూసే గంటల్ని పని గంటలు కాదని కొట్టిపారెయ్యాలి, దానికి తోడు బండి ఎప్పటికీ కొత్తగానే ఉంటుందని కూడా నమ్మాలి.

ఎదురుచూసే టైమ్ పూర్తిగా లెక్కపెట్టాలా అని కొందరు అడుగుతారు. నా పద్ధతి ఇదీ: ఆ టైమ్‌లో ఇంట్లో నీ పని నువ్వు చేసుకుంటూ, ఆర్డర్ వచ్చినా నచ్చకపోతే ఏ నష్టం లేకుండా వద్దనగలిగితే, అది విడిగా రాసుకో, కలపకు. బండి మీద కూర్చుని ఫోన్ వైపు చూస్తూ, వద్దంటే రేటింగో ఇన్సెంటివో పోతుందన్న భయంతో ఉంటే అది పని గంటే, సగం సగం అని రాజీలు వద్దు. నీది రెండో రకం.

ఇంకో రకం ఎదురుచూపు ఆ 38 గంటల లోపలే దాక్కుని ఉంది, రెస్టారెంట్ దగ్గర నిలబడటం. అది యాక్టివ్‌గానే కనిపిస్తుంది కానీ ఆర్డర్ రేటు మారదు. దాని ఖరీదు కూడా లెక్కేద్దాం. ఇన్సెంటివ్ పక్కన పెడితే నీకు ఆర్డర్‌కి సగటున 60 వస్తోంది, సగటున 8 కిలోమీటర్లు తిరుగుతున్నావ్, 4.10 చొప్పున 33 పోతే మిగిలేది 27. ఆర్డర్ మీద నీ లాభం 60 కాదు, 27. రద్దీ టైమ్‌లో నువ్వు గంటకి రెండుకి కాస్త పైనే ఆర్డర్లు కొడుతున్నావ్, అంటే గంటకి దాదాపు 63 మిగులుతుంది, నిమిషానికి రూపాయి పైచిలుకు. రెస్టారెంట్ వాడు రాత్రి ఎనిమిదిన్నరకి పావుగంట నిలబెడితే 16 పోయినట్టు, ఆ ఆర్డర్ లాభంలో సగం పైనే. అందుకే ఎక్కడ ఎంత సేపు ఆపుతున్నారో ఒక రెండు వారాలు రాసుకో, రీచ్డ్ నొక్కిన టైమ్, పికప్ నొక్కిన టైమ్ హిస్టరీలో ఉంటే ఇంకా సులువు. ఎప్పుడూ ఆపే రెండు మూడు చోట్లు తేలిపోతాయి, రద్దీ టైమ్‌లో వాటి దగ్గర్లో నిలబడటం మానేస్తే చాలు. అయితే ఇదే రెస్టారెంట్ మధ్యాహ్నం మూడున్నరకి ఆపితే పెద్ద నష్టం లేదు, ఎందుకంటే అప్పుడు నీకు ఎలాగూ ఇంకో ఆర్డర్ లేదు.

దూరం ఆర్డర్ల సంగతి కూడా ఈ 4.10తోనే తేలుతుంది. 90 చూపించే ఆర్డర్ వచ్చింది అనుకో, పికప్‌కి 2 కిలోమీటర్లు, డ్రాప్‌కి 9, అది ఊరి చివర, అక్కడ ఆర్డర్లుండవు, వెనక్కి ఖాళీగా ఇంకో 9. మొత్తం 20 కిలోమీటర్లు, 82 ఖర్చు. గంట సేపు తిరిగి మిగిలింది 8. దాని పక్కన 45 చూపించే చిన్న ఆర్డర్ పెట్టు, రానూపోనూ అన్నీ కలిపి 5 కిలోమీటర్లు, ఖర్చు 20.50, మిగిలింది 24.50, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. స్క్రీన్ మీద కనిపించే అంకె చూసి వేలు పడిపోతుంది మరి, నీకూ నాకూ ఎవరికైనా. రిటర్న్ కిలోమీటర్లు స్క్రీన్ మీద ఉండవు, నువ్వే మనసులో కలుపుకోవాలి. డ్రాప్ దగ్గర నుంచి వెంటనే ఆర్డర్ పడే చోటైతే మాత్రం ఆ ఖాళీ 9 తీసెయ్, అదే 90కి ఖర్చు 45 అయి మంచి ఆర్డర్ అయిపోతుంది. కాబట్టి దూరం ఆర్డర్లన్నీ చెడ్డవని కాదు, ఎటు దింపుతుంది అనేదే చూడాలి.

ఇప్పుడు చాలామంది తప్పుదారి పట్టే చోటుకి వద్దాం, మధ్యాహ్నం 3 నుంచి 6. నువ్వు రోజుకి పదహారు పదిహేడు ఆర్డర్లు కొడుతున్నావ్, ఈ డల్ టైమ్‌లో మూడు పడతాయనుకుందాం. వారానికి 18 ఆర్డర్లు, 1,080 వస్తాయి, 144 కిలోమీటర్లకి 590 ఖర్చు, మిగిలేది 490, గంటలు 18. గంటకి 27. ఇది చూసి ఎవరైనా వెంటనే అనేస్తారు, ఆ మూడు గంటలు ఇంట్లో పడుకో అని.

ఆగు. నీ ఇన్సెంటివ్ ఎలా వస్తుందో చూడాలి. వారానికి 1,200 అంటే రోజుకి 200, అది రోజుకి 16 ఆర్డర్లు అందుకుంటేనే అయితే, మధ్యాహ్నం మూడు ఆర్డర్లు మానేసిన రోజున 13 దగ్గరే ఆగిపోతావ్, 200 మొత్తం పోతుంది. అంటే మధ్యాహ్నం మానేస్తే వారానికి పోయేది 490 కాదు, 1,690. పద్దెనిమిది గంటలకి అది గంటకి 94, నీ సగటు కన్నా ఎక్కువ. విచిత్రంగా ఉంది కదా, అన్నిటికన్నా ఖాళీగా ఉండే టైమే కాగితం మీద అన్నిటికన్నా గిట్టుబాటు. ఇన్సెంటివ్ శ్లాబులు పెట్టేదే ఇందుకు, డల్ టైమ్‌లో కూడా రోడ్డు మీద మనుషులు ఉండాలని.

ఈ లెక్క రోజు రోజుకీ మారుతుంది. మధ్యాహ్నం 3 గంటలకి ఎన్ని ఆర్డర్లు అయ్యాయో చూడు. లంచ్‌లో ఏడో ఎనిమిదో అయితే రాత్రి ఇంకో ఆరేడు, మధ్యలో మూడుతో 16 అందుతుంది, ఉండు. లంచ్‌లో మూడే అయ్యాయంటే ఆ రోజు 16 అందడం కష్టం, ఇక ఆ మధ్యాహ్నం నిజంగానే గంటకి 27 టైమే, వెళ్ళి పడుకో. శ్లాబ్ 14కి మార్చినా, వారానికో లెక్క పెట్టినా మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి. ఇంకోటి గమనించు, నీ 3,800లో 1,200 ఇన్సెంటివే, దాదాపు మూడో వంతు. అది వాళ్ళు ఎప్పుడైనా మార్చుకునే అంకె. అది పోతే నీ గంట 63 కాదు, 43.

ఇక గోడౌన్. దాన్ని కూడా ఇదే పద్ధతిలో కొలవాలి, లేకపోతే అన్యాయం. 16,000ని పన్నెండుతో గుణించి 52తో భాగిస్తే వారానికి 3,690. రానూపోనూ రోజుకి ఒక గంట, 12 కిలోమీటర్లు అనుకుందాం, నువ్వు దూరం చెప్పలేదు. వారానికి 54 గంటలు, 72 కిలోమీటర్లకి 295 ఖర్చు, మిగిలేది 3,395, ఇన్సూరెన్సూ ఫోనూ అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి ఆ 120 కూడా తీసెయ్, 3,275. గంటకి 61.

అంటే నువ్వు సగం అనుకున్న ఉద్యోగం నీ దానితో సమానంగా ఉంది, రెండు రూపాయల తేడా ఇలాంటి లెక్కల్లో తేడా కిందకి రాదు. మొత్తంగా చూస్తే డెలివరీలో వారానికి 500 ఎక్కువ మిగులుతోంది, నిజమే, కానీ దానికి ఆరు గంటలు ఎక్కువ పెడుతున్నావ్, పైగా రోడ్డు మీద పదింతలు ఎక్కువ తిరుగుతున్నావ్. కిందపడి రెండు వారాలు ఇంట్లో ఉంటే డెలివరీలో వచ్చేది సున్నా, దాన్ని నేను ఈ లెక్కలో ఎక్కడా వెయ్యలేదు.

కాబట్టి నిర్ణయం గంట రేటు మీద కాదు, రెండు మూడు ప్రశ్నల మీద ఉంది, మీ బావని అడుగు. 8 గంటలు అంటే నిజంగా ఎనిమిదేనా, లోడ్ వచ్చిన రోజు పది అవుతుందా, అయితే ఆ రెండు గంటలకి డబ్బులిస్తారా. ఇవ్వకుండా రోజుకి ఒక్క గంట లాగినా 61 కాస్తా 55కి దిగుతుంది, అప్పుడు నువ్వు ఉన్నచోటే నయం. ఒంట్లో బాగోక రాకపోతే జీతం కట్ చేస్తారా. జీతం ఒకటో తారీఖు పడుతుందా, పదిహేనుకా.

నన్నడిగితే వెంటనే మానెయ్యకుండా ఇంకో రెండు వారాలు రెండే విషయాలు రాసుకో: ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు టైమూ ఓడోమీటరూ, వచ్చాక మళ్ళీ అవే. ఫోటో తీస్తే చాలు, టైమ్ ఫోటోలోనే పడుతుంది. మీ మెకానిక్ దగ్గర రేట్లు కనుక్కుని నా 4.10ని నీ అంకెతో మార్చు. ఆ కిలోమీటర్ ఖర్చులో పెట్రోల్ పోను మిగతా 1.60 ఉందే, 800 కిలోమీటర్ల వారానికి అది 1,280, దాన్ని వారం వారం వేరే అకౌంట్‌లోకి పంపెయ్. ఉద్యోగంలో చేరినా చేరకపోయినా ఇప్పటిదాకా తిరిగిన కిలోమీటర్ల బిల్లు ఎలాగూ వస్తుంది, ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి ముందు చూడాల్సింది చైన్ స్ప్రాకెట్టూ వెనక టైరూ, ఈ ఆదివారమే చూపించుకో.